తల్లి ఒంటికి గుర్తుండకూడని పరిచయం

మొదటి కాన్పు కష్టం, రెండో కాన్పు సులువు అని మన ఇళ్లలో పెద్దవాళ్లు ధైర్యం చెబుతుంటారు. చాలావరకు నిజమే. ఒక్క జబ్బు విషయంలో మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. మొదటి బిడ్డ బొద్దుగా, ఏ చీకూచింతా లేకుండా పుడుతుంది. రెండో బిడ్డ పాలిపోయి పుట్టి, తెల్లారేసరికి పసుపు పూసినట్టు అయిపోతుంది. మూడో బిడ్డ ఒళ్లంతా నీరు పట్టి కడుపులోనే పోతుంది. తల్లి తిండిలో తేడా లేదు, పనిలో తేడా లేదు, ఆమెకు ఒక్క రోజు జ్వరం కూడా రాలేదు. వరసగా బిడ్డలు దక్కని ఇల్లాలిని పాతకాలంలో మృతవత్స అన్నారు. దిష్టి అన్నారు, బాలగ్రహం అన్నారు. వాళ్లలో కొందరి విషయంలోనైనా అసలు కారణం రక్తపు గ్రూపు చివర ఉండే 'నెగటివ్' అన్న మాటలో ఉండి ఉంటుంది.

ఆ మాటకు అర్థం చిన్నదే. మన ఎర్ర కణాల పైపొరలో 'డి' అనే ఒక ప్రొటీన్ ఉంటుంది. అది ఉన్నవాళ్లు ఆర్‌హెచ్ పాజిటివ్, లేనివాళ్లు నెగటివ్. నెగటివ్ వాళ్లలో చాలామందికి ఆ ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువే ఉండదు. యూరప్‌లో 100కి 15 మంది దాకా ఇలాంటివాళ్లు ఉంటే, మన దేశంలో 5 మంది చుట్టూ ఉంటారు. డి లేకపోవడం వల్ల మనిషికి ఏ లోటూ రాదు. చిక్కల్లా డి లేని తల్లి, డి ఉన్న తండ్రి దగ్గర మొదలవుతుంది. బిడ్డకు తండ్రి పోలిక వస్తే, తల్లి ఒళ్లు పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడని ప్రొటీన్ ఒకటి ఆమె కడుపులోనే పెరుగుతుంటుంది.

అయినా తొమ్మిది నెలలూ పెద్దగా ఏమీ జరగదు. తల్లి రక్తం, బిడ్డ రక్తం మాయలో పక్కపక్కనే పారతాయి గానీ మామూలుగా కలవవు. కలిసేది ఎక్కువగా చివరి గంటలో. మాయ గర్భాశయం గోడ నుంచి ఊడి వచ్చేటప్పుడు బిడ్డ రక్తం కొద్దిగా తల్లి రక్తనాళాల్లోకి జారుతుంది. సాధారణంగా అది చెంచాడు కూడా ఉండదు. కొందరిలో అంతే చాలు.

తల్లి రక్షణ వ్యవస్థ ఈ కొత్త కణాలను గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేయడం మొదలుపెడుతుంది. అయితే మొదటిసారి దాని పని నత్తనడకే. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తొలుత వచ్చేది ఐజీఎం రకం. ఆకారంలో పెద్దది కాబట్టి మాయను దాటలేదు. ఆ తర్వాత వచ్చేది ఐజీజీ. దీన్ని మాయే చేతులు చాచి బిడ్డ వైపు అందిస్తుంది, ఎందుకంటే తట్టు లాంటి జబ్బుల నుంచి పసిపిల్లను కాపాడే తల్లి యాంటీబాడీలు వెళ్లేది కూడా ఇదే దారిలో. ఐజీజీ సిద్ధమయ్యేనాటికి మొదటి బిడ్డ ఉయ్యాల్లో ఉంటుంది, దానికి ఏమీ కాదు. తల్లి ఒంట్లో మాత్రం ఆ పరిచయం జ్ఞాపకంగా మిగిలిపోతుంది. మళ్లీ డి ఉన్న బిడ్డ కడుపులో పడితే ఈసారి నెలలు అక్కర్లేదు, రోజులు చాలు. అదీ చివరి గంటలో కాదు, గర్భం నడుస్తుండగానే. టీకా పనిచేసేది సరిగ్గా ఇలాగే. తేడా ఏమిటంటే, ఇక్కడ ఒళ్లు శత్రువని నేర్చుకున్నది సొంత బిడ్డ రక్తాన్ని.

దీన్ని మొదట పట్టించినది న్యూయార్క్‌లో ఒక రక్తమార్పిడి. పాతికేళ్ల యువతికి రెండో గర్భంలో బిడ్డ చనిపోయి పుట్టింది. రక్తం బాగా పోవడంతో భర్త రక్తం ఎక్కించారు. ఇద్దరిదీ ఓ గ్రూపే. అయినా ఆమెకు చలి, ఒళ్లునొప్పులు పట్టుకుని ప్రాణం మీదికి వచ్చింది. ఫిలిప్ లెవీన్, రూఫస్ స్టెట్సన్ ఆమె సీరమ్‌ను 104 మంది ఓ గ్రూపు మనుషుల రక్తంతో కలిపి చూస్తే 80 మంది కణాలు ముద్దకట్టాయి. బిడ్డ తండ్రి నుంచి తెచ్చుకున్న ఏదో పదార్థం తల్లికి లేదని, దానిమీద ఆమె ఒళ్లు యాంటీబాడీలు చేసుకుందని 1939లో వాళ్లు రాశారు. ఆ పదార్థానికి మాత్రం పేరు పెట్టలేదు. మరుసటి ఏడాది లాండ్‌స్టైనర్, వీనర్ రీసస్ కోతి రక్తంతో చేసిన ప్రయోగాల నుంచి పేరు వచ్చి పడింది. కోతి కణాలమీద వచ్చే యాంటీబాడీ, మనిషి డి మీద వచ్చేదీ ఒకటి కావని తర్వాత తేలింది. అప్పటికే పేరు అంటుకుపోయింది. అలా ఏ సంబంధమూ లేని కోతి మన గర్భిణుల కార్డుల మీద ఇప్పటికీ కూర్చుని ఉంది.

ఇక రెండో గర్భంలో ఏమవుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. తల్లిది ఏ నెగటివ్, తండ్రిది ఏ పాజిటివ్ అనుకుందాం. మొదటి పాప ఏ పాజిటివ్, మూడు కిలోల బరువు, ఇంటికి వెళ్లిపోయింది. ఆ కాన్పులో తల్లికి ఏ ఇంజెక్షనూ వేయలేదు. రెండో గర్భం మూడో నెలలో ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష చేశారు. తల్లి సీరమ్‌ను డి ఉన్న ఎర్ర కణాలతో కలిపి, యాంటీబాడీ వాటికి అంటుకుందో లేదో చూసే పరీక్ష ఇది. పాజిటివ్ వచ్చింది. సీరమ్‌ను రెట్టింపు, మళ్లీ రెట్టింపు పలచన చేస్తూ ఎంతవరకు పనిచేస్తుందో కొలిస్తే 1:8 దగ్గర ఆగింది. నెల తర్వాత 1:16, ఆపైన 1:64. సాధారణంగా 1:16 లేదా 1:32 దాటాక ఇక తల్లి రక్తాన్ని కొలుస్తూ కూర్చోరు, బిడ్డను చూస్తారు.

చూసే పద్ధతి ముచ్చటైనది. యాంటీబాడీలు అంటుకున్న ఎర్ర కణాలను బిడ్డ ప్లీహం ఏరి నమిలేస్తుంది. రక్తం పలచబడుతుంది. పెరుగు కన్నా నీళ్ల మజ్జిగ జోరుగా జారినట్టు, కణాలు తగ్గిన రక్తం నాళంలో వేగంగా పరుగెడుతుంది. స్కానింగ్‌లో బిడ్డ మెదడుకు వెళ్లే ఒక ధమని మీద డాప్లర్ పెట్టి ఆ వేగాన్ని కొలుస్తారు. 28 వారాల బిడ్డలో అది సెకనుకు సుమారు 37 సెంటీమీటర్లు ఉండాలి. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 55 దాటితే బిడ్డకు రక్తం బాగా తగ్గిందని లెక్క. సూది గుచ్చకుండా, ఉమ్మనీరు తీయకుండా బిడ్డ రక్తహీనతను పట్టుకునే ఈ పద్ధతి 2000లో స్థిరపడింది.

రక్తం తగ్గేకొద్దీ బిడ్డ ఒళ్లు ఊరుకోదు. ఎముక మూలుగ చాలక కాలేయం, ప్లీహం కూడా రక్తకణాల తయారీలోకి దిగి ఉబ్బిపోతాయి. తొందరలో ముడి కణాలనే రక్తంలోకి వదిలేస్తాయి. కాలేయం తన అసలు పనులు వదిలేయడంతో రక్తంలో ప్రొటీన్ తగ్గుతుంది, గుండె అలసిపోతుంది, పొట్టలో, ఛాతీలో, చర్మం కింద నీరు చేరుతుంది. మూడో బిడ్డ నీరు పట్టి పోవడం అంటే ఇదే. అంతదాకా రాకముందే, తల్లి పొట్టలోంచి సన్నని పొడవాటి సూదిని స్కాన్‌లో చూస్తూ నడిపించి, బొడ్డుతాడు మాయలో కలిసే చోట సిరలోకి గుచ్చి, బిడ్డకు రక్తం ఎక్కిస్తారు. ఎక్కించేది ఓ నెగటివ్. డి లేని కణాలు కాబట్టి తల్లి యాంటీబాడీలు వాటి జోలికి పోవు. పుట్టని బిడ్డకు మొదటిసారి రక్తం ఎక్కించి బతికించింది 1963లో, న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో విలియం లైలీ. అప్పట్లో స్కానింగ్ లేదు. ఎక్స్‌రే సాయంతో బిడ్డ పొట్టలోకి సూది దించి అక్కడే రక్తం వదిలాడు, అది మెల్లగా ఇంకింది.

మన ఉదాహరణలోని బిడ్డకు అంత అవసరం పడలేదనుకుందాం. పుట్టినప్పుడు పాప పాలిపోయి ఉంటుంది గానీ పచ్చగా ఉండదు. చుట్టాలు చూసి 'రంగు వచ్చింది' అని మురిసిపోవచ్చు కూడా. ఇక్కడే మోసం ఉంది. నశించిన ఎర్ర కణాల నుంచి పుట్టే పసుపు పదార్థం బిలిరుబిన్‌ను ఇన్నాళ్లూ మాయ ఎప్పటికప్పుడు తల్లి వైపు పంపేసింది. తల్లి కాలేయం శుభ్రం చేసింది. బొడ్డు కోసిన క్షణం నుంచి ఆ దారి మూతపడింది. పసిబిడ్డ కాలేయానికి ఆ పని ఇంకా చేతకాదు. కణాలు పగలడం మాత్రం ఆగలేదు, ఎందుకంటే తల్లి యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో వారాల తరబడి ఉంటాయి. కొన్ని గంటల్లోనే నుదుటి మీద బొటనవేలితో నొక్కి వదిలితే, తెల్లబడాల్సిన చోట పసుపు కనిపిస్తుంది. తర్వాత ఛాతీ, పొట్ట, అరికాళ్లు.

పుట్టిన మూడోరోజు వచ్చే మామూలు పసిరికలు వేరు, ఇవి వేరు. తేడా పట్టడానికి చేతిలో ఉన్న సులువైన గుర్తు గడియారమే. మొదటి 24 గంటల్లో వచ్చే కామెర్లు మామూలువి కావు. పొద్దుటి ఎండలో పడుకోబెడితే పోతాయనే సలహా వీటికి పనికిరాదు. ఆ సలహాలో సత్యం లేదని కాదు. 1956లో ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో ఒక నర్సు పసిపిల్లలను ఎండలోకి తీసుకెళ్లేది. ఒక బిడ్డ ఒంటిమీద దుప్పటి కప్పిన మేర మాత్రమే పసుపు మిగిలి, ఎండ తగిలిన చోట తగ్గిందని గమనించారు. నేటి నీలి లైట్ల చికిత్స అక్కడినుంచే వచ్చింది. కానీ కణాలు ఇంత జోరుగా పగులుతున్న బిడ్డకు ఆసుపత్రిలో చుట్టూ లైట్లు పెట్టినా ఒక్కోసారి చాలదు. బిలిరుబిన్ మెదడు లోపలి కేంద్రాల్లో పేరుకుంటే బిడ్డ మొదట మందకొడిగా అయి పాలు తాగడం మానేస్తుంది, తర్వాత వెనక్కి విల్లులా వంగి కీచుగా ఏడుస్తుంది. ఆ దశ దాటి బతికిన పిల్లల్లో వినికిడి పోవడం, కాళ్లూచేతులూ అదుపు తప్పి మెలికలు తిరగడం జీవితాంతం ఉంటాయి.

అందుకే రక్తం మార్చేస్తారు. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉన్నది పావు లీటరు రక్తం. బొడ్డు సిరలో సన్నని గొట్టం పెట్టి, సిరంజితో కొంచెం తీసి, అంతే కొత్త రక్తం పోసి, మళ్లీ తీసి, గంటకు పైగా ఇలాగే చేస్తూ మొత్తం అర లీటరు మారుస్తారు. తీసినదాంట్లో కొత్త రక్తం కూడా కొంత పోతుంది కాబట్టి రెట్టింపు పోస్తే బిడ్డ సొంత కణాల్లో 85 శాతం మారతాయి. బిలిరుబిన్ మాత్రం సగానికే తగ్గుతుంది, ఎందుకంటే చర్మం, కండరాల్లో దాగినది మళ్లీ రక్తంలోకి వస్తుంది. అందుకే కొందరికి రెండోసారీ చేయాల్సి వస్తుంది.

ఇదంతా ఇల్లు అంటుకున్నాక చేసే పని. అసలు అంటుకోకుండా చూడటానికి ఉపాయం దొరికింది ఒక చిన్న విడ్డూరం నుంచి. 1943లో లెవీనే ఒక సంగతి గమనించాడు. తల్లి ఓ గ్రూపు, బిడ్డ ఏ గానీ బీ గానీ అయితే, తల్లి నెగటివ్ అయినా ఆర్‌హెచ్ జబ్బు అరుదు. ఓ గ్రూపు వాళ్ల రక్తంలో పుట్టుకతో కాకపోయినా పసితనం నుంచే ఏ, బీల మీద యాంటీబాడీలు సిద్ధంగా ఉంటాయి. బిడ్డ కణాలు లోపలికి రాగానే అవి పట్టి చంపేస్తాయి. డి సంగతి చూసేలోపే కణం మాయమైపోతుంది. ఈ లెక్క ఇప్పుడు అంకెల్లోనూ ఉంది. ఏ మందూ లేకపోతే పాజిటివ్ బిడ్డను కన్న నెగటివ్ తల్లుల్లో 100కి 16 మందికి యాంటీబాడీలు వస్తాయి. గ్రూపు ఇలా పడనప్పుడు 2 మందికే.

లివర్‌పూల్‌లో సిరిల్ క్లార్క్ అనే వైద్యుడు, ఫిలిప్ షెపర్డ్ అనే జన్యుశాస్త్రవేత్త సీతాకోకచిలుకల రెక్కల రంగుల మీద పనిచేస్తూ రక్తపు గ్రూపుల వైపు వచ్చారు. వాళ్లతో ఉన్న రోనాల్డ్ ఫిన్ 1960లో ఒక ప్రశ్న వేశాడు. ప్రకృతి ఏ, బీ యాంటీబాడీలతో చేస్తున్న పనిని మనం యాంటీ డి తోనే ఎందుకు చేయకూడదు? అంటే బిడ్డలను చంపుతున్న ఆ యాంటీబాడీనే కొద్దిగా తెచ్చి, తల్లి తనంతట తాను తయారుచేసుకోకముందే ఆమెకు ఎక్కించాలని. వినడానికి విషానికి విషమే విరుగుడన్నట్టుంటుంది. మగ వాలంటీర్ల మీద చేసిన మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. వాళ్లు వాడింది ఐజీఎం రకం. అది కాపాడకపోగా యాంటీబాడీలు ఇంకా ఎక్కువమందిలో వచ్చాయి. ఐజీజీకి మారాక ఫలించింది. ఐజీజీ అంటుకున్న కణాలను ప్లీహంలోని భక్షక కణాలు చప్పుడు లేకుండా ఏరేస్తాయి.

దాదాపు అదే కాలంలో న్యూయార్క్‌లో విన్సెంట్ ఫ్రేడా, జాన్ గోర్మన్, విలియం పొలాక్ కూడా అదే ఆలోచనతో సింగ్‌సింగ్ జైలులో నెగటివ్ రక్తం ఉన్న ఖైదీల మీద పరీక్షలు చేస్తున్నారు. ఖైదీలు ఒప్పుకున్నారనే చెబుతారు గానీ, గోడల మధ్య ఉన్నవాడి ఒప్పుకోలు ఎంతవరకు ఒప్పుకోలన్నది నేటి నీతి ముందు నిలిచే ప్రశ్న. పాజిటివ్ కణాలు ఎక్కించాక ఇంజెక్షన్ వేయడానికి వెంటనే వద్దామంటే జైలు భద్రత అడ్డొచ్చింది. మూడు రోజుల తర్వాతే వెళ్లగలిగారు. అప్పటికీ మందు పనిచేసింది. కాన్పు అయిన 72 గంటల్లోగా ఇంజెక్షన్ వేయాలని ఈనాడు ఊరూరా ఆసుపత్రుల్లో చెప్పే గడువు వెనక ఉన్నది రక్షణ వ్యవస్థ గడియారం కన్నా ఆ జైలు గేటు తాళమే. అందుకే నాలుగో రోజు గుర్తొచ్చినా 'ఇక లాభం లేదు' అని వదిలేయరు. పది రోజుల్లోపు వేసినా కొంత మేలు ఉండొచ్చు. 1964 జనవరి చివర ఇంగ్లండ్‌లో ఉన్న గోర్మన్ సోదరుడి భార్యకు కాన్పు అయితే, న్యూయార్క్ నుంచి పంపిన మందు ఆమెకు వేశారు. అమెరికాలో 1968లో అందరికీ అనుమతి వచ్చింది.

ఆ మందు ఎక్కడిది? అది మనుషుల రక్తంలోంచే రావాలి. అప్పటికే యాంటీ డి ఉన్నవాళ్ల ప్లాస్మా నుంచి, లేదా నెగటివ్ మగవాళ్లకు కావాలనే పాజిటివ్ కణాలు ఎక్కించి పుట్టించిన యాంటీబాడీల నుంచి తీస్తారు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయనకు 14 ఏళ్ల వయసులో ఊపిరితిత్తి ఆపరేషన్‌లో చాలా రక్తం ఎక్కించారు. ఆ రుణం తీర్చుకుందామని 18 ఏళ్లు నిండగానే దానం మొదలుపెడితే, ఆయన ప్లాస్మాలో యాంటీ డి పుష్కలంగా ఉందని తర్వాత బయటపడింది. సూది గుచ్చేటప్పుడు ఒక్కసారైనా చేతి వైపు చూడని ఆ మనిషి 2018లో ఆపేనాటికి 1173 సార్లు ఇచ్చాడు. 2025 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఈ వనరుకు చీకటి కోణమూ ఉంది. ఐర్లండ్‌లో 1970లలో తయారైన యాంటీ డి ద్వారా వందలమంది బాలింతలకు హెపటైటిస్ సి సోకిందని 1994లో బయటపడింది. ఇప్పుడు వైరస్‌లను వడకట్టి, నిర్వీర్యం చేశాకే వాడతారు. మన దేశంలో ప్రయోగశాలలో కణాలు పెంచి తీసిన యాంటీ డి కూడా దొరుకుతుంది.

మన దగ్గర సాధారణంగా వేసేది 300 మైక్రోగ్రాముల ఇంజెక్షన్. అది 30 మిల్లీలీటర్ల బిడ్డ రక్తాన్ని తుడిచిపెట్టగలదు. ఎక్కువమంది తల్లులకు అది అక్కరకన్నా ఎక్కువే. కానీ మాయను చేత్తో తీయాల్సి వచ్చినా, కడుపు మీద దెబ్బ తగిలినా లెక్క మారుతుంది. అప్పుడు క్లైహావర్ పరీక్ష చేస్తారు. తల్లి రక్తపు పూతను ఆమ్లంలో ముంచితే పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ కరిగిపోయి కణాలు నీడల్లా మిగులుతాయి. బిడ్డ హిమోగ్లోబిన్ ఆమ్లానికి లొంగదు, గులాబీ రంగులో మెరుస్తుంది. 2000 కణాలు లెక్కపెడితే 24 గులాబీవి కనిపించాయనుకుందాం. అంటే 1.2 శాతం. తల్లి రక్తం 5 లీటర్లుగా తీసుకుంటే లోపల చేరిన బిడ్డ రక్తం 60 మిల్లీలీటర్లు. రెండు ఇంజెక్షన్లు కావాలి. లెక్కపెట్టడంలో పొరపాటుకు ఇంకొకటి కలిపి మూడు వేస్తారు. కళ్లు మూసుకుని ఒక్కటే వేసి పంపేస్తే ఆ తల్లికి సగమే రక్షణ. అన్ని ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఉండదన్నది చేదు నిజం.

మరో లోటు కాన్పుకు ముందు ఉంది. కాన్పయ్యాక మాత్రమే వేస్తే 100కి ఒకరిద్దరు తల్లులు తప్పించుకోలేరు, ఎందుకంటే వాళ్ల ఒంట్లోకి చివరి మూడు నెలల్లోనే బిడ్డ రక్తం జారింది. అందుకని 28 వారాలప్పుడు ఒకటి వేస్తారు. దానితో 1000కి ఒకరిద్దరికి తగ్గుతుంది. గర్భస్రావం అయినా, గొట్టంలో గర్భం వచ్చినా, ఉమ్మనీరు తీసినా వేయాలి. ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. మూడో నెలలో పోయిన గర్భాన్ని ఇంట్లో ఎవరూ కాన్పు కింద లెక్కపెట్టరు, రెండేళ్ల తర్వాత డాక్టరు అడిగితే 'ఇదే మొదటిది' అంటారు. యాంటీబాడీలు ఒకసారి తల్లి సొంతంగా నేర్చుకున్నాక ఇంజెక్షన్ దండగ. నేర్చుకున్నదాన్ని చెరిపే మందు ఇప్పటివరకు లేదు. డి కాక కెల్, సి లాంటి ఇతర ప్రొటీన్ల మీద వచ్చే యాంటీబాడీలకూ ఇలాంటి ఇంజెక్షన్ లేదు.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా ల్యాబ్‌లో ఒక తికమక తరచూ ఎదురవుతుంది. ఎనిమిదో నెలలో ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ చేస్తే పాజిటివ్ వస్తుంది. రిపోర్టు చూసి ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. పరీక్షకు రెండు యాంటీబాడీల మధ్య తేడా తెలియదు. ఆమె ఒళ్లు చేసుకున్నదైనా, దాత ప్లాస్మాలోంచి వచ్చినదైనా దానికి ఒకటే. ఇంజెక్షన్ వల్ల వచ్చినది బలహీనంగా, 1:2, 1:4 దగ్గర ఉండి, మూడు వారాలకోసారి సగమవుతూ పోతుంది. సొంతది పెరుగుతూ పోతుంది. అందుకే అనుభవం ఉన్న టెక్నీషియన్ ట్యూబు పక్కన పెట్టి ముందు బయటికొచ్చి అడుగుతాడు.

"అమ్మా, ఏడో నెలలో యాంటీ డి ఏమైనా వేయించుకున్నారా?"

"వేశారండి. ఇరవై రోజులవుతుంది."

అతను లోపలికి వెళ్లి, రిపోర్టులో పాజిటివ్ అన్న మాట పక్కన ఆ తేదీ రాస్తాడు.